నలభై ఐదు పక్కన పద్నాలుగు

ఎవరింట్లో మంచినీళ్లిచ్చినా మా అక్క గ్లాసుని ముందు వెలుతురుకి ఎత్తి చూస్తుంది. ఇచ్చినవాళ్ల మొహం మాడిపోయినా పట్టించుకోదు. అలా చూడడం మర్యాద కాదని అమ్మ చిన్నప్పటినుంచీ తిడుతూనే ఉంది, అక్క చూస్తూనే ఉంది. చివరికి ఆ ముచ్చటే ఆమెకి ఉద్యోగమైంది. నీటి పరీక్షలు చేసే ల్యాబులో కెమిస్టు. మేము ఇంట్లో ‘నీళ్ల డాక్టరు’ అంటాం.

మా అపార్ట్‌మెంటుకి బోరు నీళ్లే దిక్కు. ఏడాదికోసారి ఆ నీళ్లని అక్కావాళ్ల ల్యాబుకే పంపిస్తారు. పంపించేది మా సెక్రటరీ. ఆయన్ని అందరూ మైకు బాబాయ్ అంటారు, మైకు అవసరం లేని గొంతు కాబట్టి. ఈసారి రిపోర్టు వచ్చిన ఆదివారం అక్క మా ఇంట్లోనే ఉంది, నా కూతురు చిట్టిని చూడడానికి వచ్చి. చిట్టికి అప్పటికి రెండు నెలలు నిండాయి. సంగతి తెలిసి బాబాయ్ ఆమెని కింద పార్కింగులోకి లాక్కుపోయాడు. చిట్టిని భుజాన వేసుకుని నేనూ దిగాను.

“పరీక్ష చేసిన మనిషే చేతికి దొరికింది. ఇక నేను చదివి మీ ప్రాణాలు తియ్యడం ఎందుకు?” అని బాబాయ్ కాగితం ఆమె చేతిలో పెట్టాడు.

అక్క చదవడం మొదలుపెట్టింది. ఆ పని చేసేటప్పుడు ఆమె మొహం చూడాలి. మామూలుగా నలుగురిలో నోరు విప్పని మనిషి, నీళ్ల గురించైతే చెరువు గట్టు తెగినట్టు మాట్లాడుతుంది.

“మొదటి వరస టర్బిడిటీ. అంటే నీళ్లలో మడ్డి ఎంతుందని. ఒకటి దాటకూడదు, మనకి సున్నా పాయింట్ ఆరు. బావుంది. వెలుతురుకి ఎత్తి చూస్తే కనిపించేది ఇదొక్కటే. కింద ఉన్నవేవీ కంటికి కనపడవు, అందుకే పరీక్ష.”

“మరి నువ్వు గ్లాసెత్తి చూసేదంతా దండగేనా?” అన్నాను. అందరూ నవ్వారు. అక్క కూడా నవ్వింది.

“రెండోది కాఠిన్యత. కాల్షియం, మెగ్నీషియం. పరిమితులు రెండు గళ్లలో ఉన్నాయి చూడండి. మొదటి గడిలో రెండు వందలు, ఉండదగిన పరిమితి. రెండో గడిలో ఆరు వందలు. అది వేరే నీళ్లు దొరకనప్పుడు సర్దుకుపొమ్మని ఇచ్చింది. మనది నాలుగు వందల ఇరవై. అంటే బాగా గట్టి నీళ్లు, కానీ రెండో గీత దాటలేదు.”

“అందుకే నా జుట్టు ఊడిపోతోంది!” అంది మూడో అంతస్తులో ఉండే ఆవిడ. అక్కడ్నుంచి మీటింగు జుట్టు చుట్టూ తిరిగింది. బకెట్లకి తెల్లటి పొలుసు కడుతోందని ఒకరు, గీజరు పాడైందని ఒకరు. నీటిని మెత్తబరిచే యంత్రం పెట్టించాలని ఆ గొడవలోనే తీర్మానం అయిపోయింది. అక్క మిగతా రెండు వరసలు ఎవరూ వినకుండానే చదివింది. నేను విన్నాను, నా అవసరం నాది కాబట్టి.

“క్లోరైడ్ మూడు వందల పది. ఉండదగినది రెండు వందల యాభై, సర్దుకుపోతే వెయ్యి. కాస్త ఉప్పదనం తెలుస్తుంది, అంతే. పోయినేడు నూట తొంభై ఉండేది, పెరిగింది. నైట్రేట్ నలభై ఐదు లోపుండాలి. దీనికి రెండో గడిలో సడలింపు లేదు, వేరే నీళ్లున్నా లేకపోయినా నలభై ఐదే. మనది పద్నాలుగు. పోయినేడు నలభై ఒకటి.” అక్కడ ఆగి కనుబొమలు ముడిచింది. “క్లోరైడ్ పెరిగి, ఇది తగ్గిందేంటి…”

“తగ్గితే మంచిదే కదమ్మా!” అన్నాడు బాబాయ్. ఇంతలో జుట్టావిడ అక్క చెయ్యి పట్టుకుని తలకి ఏ నీళ్లు పోసుకోవాలో చెప్పమని పక్కకి తీసుకుపోయింది. ఆ ముడిచిన కనుబొమలు నాకు తర్వాత చాలాసార్లు గుర్తొచ్చాయి.

మెట్లెక్కుతూ అసలు సంగతి అడిగాను. చిట్టి పుట్టిన వెంటనే నాకు జ్వరం పట్టుకుని, పాలు సరిగ్గా పడలేదు. డాక్టరమ్మ పొడిపాలు మొదలుపెట్టమంది. వాటిని డబ్బా నీళ్లతో కలుపుతున్నాం. ఆ డబ్బాలవాడు వచ్చినప్పుడు వచ్చినట్టు, రానప్పుడు రానట్టు.

“మన కుళాయి నీళ్లు చిట్టికి వాడొచ్చా అక్కా?”

“మరిగించి చల్లార్చి కలుపు. రిపోర్టు చూశావుగా, దిగులేం లేదు” అంది. నీళ్ల డాక్టరు చెప్పాక ఇంకేముంది? డబ్బాలవాణ్ణి ఆ రోజే మాన్పించేశాను.

మరిగించే పని, కాన్పు కోసం వచ్చి మా ఇంట్లోనే ఉన్న అమ్మ తీసుకుంది. అమ్మ ఏ పనీ అరకొరగా చెయ్యదు. నీళ్లు తెర్లితే చాలని నేనంటే, “నువ్వూరుకో, పసిదాని కడుపు” అని స్టవ్ పక్కనే ముక్కాలిపీట వేసుకుని కూర్చునేది. గిన్నెలో నీళ్లు సగానికి దిగేదాకా లేచేది కాదు. సగం నీళ్లు ఆవిరైతే సగం జబ్బులు ఆవిరైనట్టే అని ఆవిడ లెక్క. అడుగున తెల్లటి పొడి మిగిలితే “చూశావా, చెత్తంతా ఎలా బయటపడిందో” అని నాకు గొప్పగా చూపించేది. నాకూ ముచ్చటేసేది. నన్ను పెంచినప్పుడు కూడా ఇలాగే కూర్చుందా అనిపించి కళ్లు చెమర్చిన రోజులున్నాయి.

కొన్నాళ్లకి చిట్టికి విరేచనాలు పట్టుకున్నాయి. పెద్ద జబ్బేం కాదన్నారు, తగ్గుముఖం పట్టింది కూడా. కానీ ఒక ఉదయం పాలు పడుతుంటే పెదాలు అదోలా కనిపించాయి. నీలమని చెప్పలేను. నేను ఇంట్లో కర్టెన్లు కుడతాను, రంగులు నా కంటికి తప్పవు. బూడిద రంగులో చిన్న నీలం చుక్క కలిపినట్టున్నాయి. గోళ్లూ అంతే. పిల్ల మాత్రం శుభ్రంగా తాగుతోంది, నవ్వుతోంది.

“చలికిలే” అంది అమ్మ, ఇంకో గుడ్డ చుడుతూ. చుట్టినా రంగు మారలేదు. నేను మా ఆయన్ని కేకేశాను. మా ఆయన డ్యూటీ ఎక్కబోతున్నవాడల్లా వెనక్కి వచ్చాడు. ముగ్గురం పిల్లనెత్తుకుని ఆసుపత్రికి పరుగెత్తాం. అమ్మ చేతిసంచిలో పాలసీసా, ఫ్లాస్కులో మరిగించిన నీళ్లు పెట్టుకుంది, మధ్యలో పిల్ల ఆకలికి తట్టుకోలేదని.

డాక్టరమ్మ చిట్టి వేలికి క్లిప్పు పెట్టి అంకె చూసింది. ఆక్సిజన్ పెట్టించింది. పెట్టినా పెదాల రంగు తిరగలేదు. ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయంది. “గుండెలో ఏదైనా ఉందేమో చూడాలి. స్కానింగుకి రాస్తున్నాను” అంది.

గుండె అన్న మాట విన్నాక మా ఆయన గోడకి చేరగిలపడ్డాడు. అమ్మ మటుకు పిల్ల ఏడుస్తోందని సీసాలో పొడి వేసి ఫ్లాస్కు మూత తిప్పుతోంది. సరిగ్గా అప్పుడు నా ఫోను మోగింది. అక్క.

“చిట్టికి పాలు పడుతున్నారా?” గొంతు ఆమెది కాదనిపించింది.

“అక్కా, ఆసుపత్రిలో ఉన్నామే. పెదాలు నల్లబడ్డాయి. గుండె అంటున్నారు—”

అక్క నన్ను పూర్తి చెయ్యనివ్వలేదు.

“సీసా ఆపండి. ఆ నీళ్లతో కలిపింది ఒక్క చుక్క కూడా పట్టకండి. ఫోను డాక్టరుగారికియ్యి. ఇప్పుడే ఇయ్యి.”

నేను అమ్మ చేతిలో సీసా లాగేసుకున్నాను. అమ్మ బిత్తరపోయి చూసింది. డాక్టరమ్మ ఫోను చెవిన పెట్టుకుని, విని, “ఎంత?” అంది. మళ్లీ విని, “నీళ్లు మరిగిస్తున్నారా? ఎంతసేపు?” అని మావైపు తిరిగింది. అమ్మే జవాబు చెప్పింది, కాస్త గర్వంగానే. “సగానికి దిగేదాకా మరిగిస్తానమ్మా.”

డాక్టరమ్మ స్కానింగు కాగితం పక్కన పెట్టి, చిట్టికి రక్తం తీయించింది. నేను చూశాను. ఎర్రగా లేదు. చాక్లెట్ రంగులో ఉంది. తెల్ల కాగితం మీద ఒక చుక్క వేసి కాసేపు గాలికి ఉంచింది. గాలి తగిలినా అది ఎర్రబడలేదు.

“గుండె కాకపోవచ్చు” అంది. “నీళ్లలో నైట్రేట్ ఎక్కువైతే చంటిపిల్లల రక్తం ఆక్సిజన్ని మోయలేదు. పెద్దవాళ్లకి ఇలా కాదు, ఈ వయసు పిల్లలకే. విరేచనాలు కూడా తోడయ్యాయి. మీ అక్కగారు ఫోను చెయ్యకపోతే గుండె చుట్టూ తిరుగుతూ ఉండేవాళ్లం, మధ్యలో మీరు ఆ సీసా పట్టేసేవాళ్లు.”

ల్యాబులో ఏం జరిగిందో అక్క తర్వాత చెప్పింది. నైట్రేట్ కొలవడానికి ఈ మధ్య కొత్త యంత్రం తెచ్చారు. రోజూ పని మొదలుపెట్టేముందు ఎంతుందో ముందే తెలిసిన నీళ్లు పోసి, యంత్రం సరిగ్గా చెప్తోందో లేదో చూడాలి. ఆ నీళ్ల సీసా యంత్రంతోపాటే వచ్చింది, అంకె ఎప్పుడూ కచ్చితంగా కుదిరేది. ఆ ఉదయం ఆ సీసా అయిపోయింది. అక్క పాత పద్ధతికి వాడే సీసా తీసి, నైట్రేట్ సరిగ్గా నలభై ఐదు ఉండేలా నీళ్లు కలిపి పోసింది. యంత్రం పది పాయింట్ రెండు చూపించింది. యంత్రం చెడిందనుకుని మళ్లీ పోసింది. మళ్లీ పది పాయింట్ రెండు. అప్పుడు తెరమీద అంకె పక్కనున్న చిన్న అక్షరం చూసింది. ‘ఎన్’.

కొత్త యంత్రం నైట్రేట్ మొత్తాన్ని చెప్పడం లేదు. అందులో ఉన్న నైట్రోజన్ వరకే లెక్క చెప్తోంది. యంత్రంతో వచ్చిన సీసా మీద అంకె కూడా నైట్రోజన్ లెక్కే, కాబట్టి రెండూ ఎప్పుడూ కుదిరాయి, ఎవరికీ అనుమానం రాలేదు. ఆ లెక్కలో పరిమితి పది. నలభై ఐదు కాదు. రిపోర్టు కాగితం మాత్రం పాతదే, దాని గడిలో నలభై ఐదే అచ్చయి ఉంది. అక్క యంత్రం చూపించిన పద్నాలుగుని తీసుకొచ్చి నలభై ఐదు పక్కన కూర్చోబెట్టింది. పద్నాలుగుని నాలుగు పాయింట్ నాలుగుతో హెచ్చవేస్తే అరవై రెండు. దాన్ని అమ్మ రోజూ సగానికి మరిగించింది. మరిగిస్తే చచ్చేవి సూక్ష్మజీవులు, నైట్రేట్ ఎక్కడికీ పోదు. నీళ్లు సగమైతే అది రెట్టింపవుతుంది. అంటే నూట పాతిక దాకా మా చిట్టి కడుపులోకి పోయింది.

అక్క ఆసుపత్రికి వచ్చేసరికి చిట్టిని వార్డులో పడుకోబెట్టారు. మందు అవసరం పడకపోవచ్చు, నీళ్లు మారిస్తే రక్తం తనంతట తనే కోలుకుంటుంది, రేపటిదాకా కనిపెట్టి ఉంటామన్నారు. ఆసుపత్రి నీళ్లతో కలిపిన పాలు తాగి పిల్ల నిద్రపోతోంది. అక్క గుమ్మంలోనే ఆగిపోయింది. ల్యాబు కోటు కూడా విప్పలేదు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఇప్పుడు తల్చుకుంటే బాధేస్తుంది కానీ ఆ పూట నా నోటికి అడ్డూ అదుపూ లేదు.

“గ్లాసులెత్తి ఊరందరి నీళ్లకీ వంకలు పెడతావు కదే! నా పిల్ల నీళ్ల దగ్గరికొచ్చేసరికి కళ్లెక్కడ పెట్టుకున్నావ్?”

“తప్పు నాదే” అంది అక్క. “ఆ రోజే అనుమానం వచ్చింది. మురుగు దిగితే క్లోరైడూ నైట్రేటూ కలిసే పెరుగుతాయి. ఒకటి పెరిగి ఒకటి తగ్గిందంటే ఆగి చూడాలి. నేను ఆగలేదు.”

సాకు ఒక్కటి కూడా చెప్పలేదు. జుట్టావిడ లాక్కుపోయిందని చెప్పొచ్చు, ఫారం పాతదని చెప్పొచ్చు. చెప్పి ఉంటే ఇంకో నాలుగు తిట్టి మనసు చల్లార్చుకునేదాన్ని. అలా ఒప్పేసుకుని నిలబడితే తిట్టడానికి నాకు మాటలు మిగల్లేదు.

మా ఆయన లేచి అక్కకి కుర్చీ జరిపాడు. “కూర్చోండి వదినా. ఫోను చేసింది మీరే కదా” అన్నాడు.

అమ్మ ఒడిలో ఫ్లాస్కు పెట్టుకుని మూత తిప్పుతూ కూర్చుంది.

“అయితే నేను మరిగించకపోయుంటే ఇంతయ్యేది కాదన్నమాట” అంది మెల్లగా.

నేనూ అక్కా ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకున్నాం. కాదని చెప్పాలని నాకు నాలుక చివరిదాకా వచ్చింది. కానీ కాదంటే అమ్మ రేపు మళ్లీ గిన్నె పెడుతుంది. అక్క వచ్చి అమ్మ కాళ్ల దగ్గర నేల మీదే కూర్చుంది.

“సగానికి మరిగించడం వల్ల ఎక్కువైందమ్మా. అది నిజం. కానీ మరిగించమన్నది నేను. నీళ్లు మంచివే అయ్యుంటే నువ్వు చేసింది తప్పయ్యేది కాదు. నువ్వు నా అంకెని నమ్మావు.”

“నిన్ను నమ్మానే” అంది అమ్మ. “అంకెలు నాకేం తెలుసు?”

అక్క అమ్మ మోకాళ్ల మీద తల పెట్టి ఏడ్చింది. అమ్మ ఫ్లాస్కు కింద పెట్టి ఆమె తల నిమిరింది. 

మర్నాటికి చిట్టి పెదాలకి రంగు తిరిగింది. నేను ఏ బట్టకీ ఆ రంగు ఇంతవరకు చూడలేదు. మళ్లీ రక్తం తీస్తే ఎర్రగా వచ్చింది. నేను వార్డులో అందరిముందూ భోరుమన్నాను. నర్సు నవ్వుతూ ఇంటికి పొమ్మంది.

అక్క అంతటితో చేతులు దులుపుకోలేదు. కొత్త యంత్రం మీద పరీక్షించిన రిపోర్టులన్నీ వెనక్కి రప్పించి, అందరికీ తనే ఫోన్లు చేసింది. కొందరు తిట్టారట. మా పార్కింగుకి మాత్రం స్వయంగా వచ్చి, పాత కాగితం చింపి, సరిచేసింది నోటీసు బోర్డుకి తగిలించి, అందరిముందూ నిలబడి చదివింది. “నైట్రేట్ అరవై రెండు. నలభై ఐదు దాటింది. చంటిపిల్లలకీ గర్భిణీలకీ ఈ నీళ్లు వద్దు. మరిగించినా పోదు, మెత్తబరిచే యంత్రం పెట్టినా పోదు.”

మైకు బాబాయ్ మొట్టమొదటిసారి గొంతు తగ్గించి, “మరేం చెయ్యాలమ్మా?” అన్నాడు. వడపొర గుండా నీటిని బలంగా నెట్టే ఆర్వో యంత్రం పెట్టించాలంది. బోరుకి దగ్గర్లో ఉన్న సెప్టిక్ ట్యాంకుని తవ్వి చూడమంది. చూస్తే గోడ పగిలి ఉంది. జుట్టావిడే అందరికంటే ముందు ఒప్పుకుంది, జుట్టు సంగతి తర్వాత చూద్దామని.

కానీ అక్క మా ఇంటికి రావడం తగ్గించింది. వచ్చినా చిట్టిని దూరం నుంచే పలకరించేది. రిపోర్టుల మీద సంతకం చెయ్యడం మానేసిందని, నమూనా సీసాలు కడిగే పని అడిగి తీసుకుందని అమ్మ ద్వారా తెలిసింది. మంచినీళ్లిస్తే గ్లాసు ఎత్తి చూడ్డం లేదు. గటగటా తాగేసి కింద పెడుతోంది. నాకది చూడబుద్ధి కాలేదు.

ఆర్వో నీళ్ల రిపోర్టు వచ్చిన రోజు బాబాయ్ దాన్ని నా చేతికే ఇచ్చాడు. నేను చదవలేదు. అక్కకి ఫోను చేసి రమ్మన్నాను. వచ్చాక కాగితం చేతిలో పెట్టాను.

“చదువు.”

“ఇంకెవరిచేతనైనా చదివించవే. నేనొద్దు.”

“ఊళ్లో ఇంకో నీళ్ల డాక్టరు నాకు తెలీదు. చదువు. ఈసారి అంకె పక్కన ఏముందో అది కూడా చదువు.”

అక్క కాగితం పట్టుకుంది.  చాలాసేపు పైనుంచి కిందికీ, కిందనుంచి పైకీ చూసింది.

“టర్బిడిటీ సున్నా పాయింట్ మూడు. కాఠిన్యత యాభై ఐదు. క్లోరైడ్ ముప్ఫై. నైట్రేట్…” ఆగి, వేలు పెట్టి చూసుకుంది. “నైట్రేట్‌గానే, లీటరుకి ఏడు మిల్లీగ్రాములు. పరిమితీ నైట్రేట్‌గానే, నలభై ఐదు. అన్నీ కలిసే తగ్గాయి. ఇది… ఇది నమ్మొచ్చు.”

“చిట్టికి వాడొచ్చా?”

అదే ప్రశ్న. ఆ రోజు మెట్ల మీద అడిగిందే. అక్క నావైపు చూడలేకపోయింది.

“ఒక్క తెర్లు రాగానే దించెయ్యాలి” అంది చివరికి. “వాడొచ్చు.”

అమ్మ అప్పటికే గిన్నె పెట్టింది. నీళ్లు తెర్లగానే, ముక్కాలిపీట మీద కూర్చోకుండానే, స్టవ్ ఆపేసింది. వేడి తగ్గేలోపే చిట్టి ఆకలికి గోల మొదలుపెట్టింది. నేను పాలు కలిపి, పిల్లని తీసుకొచ్చి అక్క ఒళ్లో పడుకోబెట్టి, సీసా చేతికిచ్చాను.

“నేనా?” అంది.

“మరెవరు?”

అక్క సీసా తీసుకుంది. తనకి తెలీకుండానే దాన్ని కిటికీ వెలుతురుకి ఎత్తి చూసింది.

“పాలల్లో ఏం కనపడుతుందే పిచ్చిదానా?” అంది అమ్మ, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ. “పిల్ల ఏడుస్తోంది, పట్టు.”